గోడ క్యాలెండరా, ఫోనా, షీటా? ఇంటికీ బండికీ గడువులు గుర్తుపెట్టుకోవడానికి ఏది మేలు

కారు సర్వీసు, ఆర్‌ఓ ఫిల్టర్లు, ఇన్సూరెన్స్, బొద్దింకల మందు, ఏసీ. వీటన్నిటికీ ఒకేచోట గడువులు రాసిపెట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. ఫోనులో ఒక్కోదానికి రిమైండర్ పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ రిమైండర్లలో సగం తప్పు తేదీలు చూపిస్తుంటాయి. లోపం ఫోనుది కాదు. ఒక్కో పనికి లెక్క ఒక్కోచోట మొదలవుతుంది. ఇన్సూరెన్స్‌కు పాలసీ ముగిసే తేదీ నుంచి లెక్క, ఫిల్టర్‌కు మార్చిన రోజు నుంచి లెక్క. కారు సర్వీసుకు కిలోమీటర్లూ చూడాలి, చెదలకు వానాకాలం చూడాలి. గోడ క్యాలెండర్, ఫోను, ఎక్సెల్ లాంటి షీటు అనే మూడు పద్ధతుల్లో ఏది మేలో తేలాలంటే ముందు ఈ తేడా చూడాలి.

ఇన్సూరెన్స్‌తో మొదలుపెడదాం. ఆలస్యమైతే ఎక్కువ నష్టం దీనిలోనే. దీనికి ఫోను క్యాలెండరే సరైనది, మిగతా రెండూ దాని తర్వాతే. పాలసీ ముగిసే తేదీ ముందే ఖరారై ఉంటుంది. ఇరవై రోజుల ముందే డబ్బు కట్టినా కొత్త పాలసీ పాతది ముగిశాకే మొదలవుతుంది కాబట్టి తేదీ జరగదు. ఏటా అదే రోజు మోగే రిమైండర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. గూగుల్ క్యాలెండర్‌లో ఒక ఈవెంట్‌కు ఒకటికి మించి నోటిఫికేషన్లు పెట్టుకోవచ్చు. నాలుగు వారాల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి పెట్టండి. మొదటిది ధరలు పోల్చుకోవడానికి, రెండోది కట్టడానికి. మూడోది మోగే అవసరమే రాకూడదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేళ్లకు, కొత్త టూవీలర్‌కైతే అయిదేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. మన బండికి జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ కవర్ మాత్రం మామూలుగా ఏడాదికే ఉంటుంది. 2024 అక్టోబరు 12న కారు కొన్నారనుకుందాం. ఓన్ డ్యామేజ్ 2025 అక్టోబరు 11 అర్ధరాత్రితో అయిపోతుంది. థర్డ్ పార్టీ 2027 అక్టోబరు 11 దాకా ఉంటుంది. పాలసీ కాగితం మీద రెండు తేదీలూ ఉంటాయి, కంటికి ముందు 2027 కనబడితే ఇంకా రెండేళ్లుందని నిశ్చింతగా ఉండిపోతారు. పోలీసులు ఆపి చూసినా థర్డ్ పార్టీ ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదు. బండికి దెబ్బ తగిలి క్లెయిమ్‌కు వెళ్లినప్పుడే లేదని తెలుస్తుంది. అందుకే "కారు ఇన్సూరెన్స్" అని ఒకే ఈవెంట్ పెట్టకుండా, "ఓన్ డ్యామేజ్ ముగింపు" అని ఏటా మోగేది ఒకటి, "థర్డ్ పార్టీ ముగింపు" అని 2027లో ఒక్కసారి మోగేది ఒకటి, రెండు పెట్టండి.

ఓన్ డ్యామేజ్ ఒక్కరోజు దాటినా ఆ ఒక్కరోజు కవర్ ఉండదు. మళ్లీ తీసుకోవాలంటే బండిని ఇన్‌స్పెక్షన్ చేయిస్తారు, లేదా ఫొటోలనో వీడియోనో అడుగుతారు. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోతుంది. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి 50 శాతం దాకా తెచ్చుకున్న తగ్గింపు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్‌కూ ఇదే పద్ధతి. దాని గడువు సర్టిఫికెట్ మీదే ఉంటుంది, అందులో ఉన్న తేదీనే ఫోనులోకి ఎక్కించండి, ఆరు నెలలో ఏడాదో అని ఊహించి వేయకండి.

ఇప్పుడు ఫోను క్యాలెండర్ తప్పటడుగు వేసే చోటుకు వద్దాం. అది ఫిల్టర్ల దగ్గర.

ఆర్‌ఓలో సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లను ఆరు నెలలకోసారి మార్చాలని జనవరి 1, జూలై 1న మోగేలా రిమైండర్ పెట్టారనుకుందాం. నవంబరులో ట్యాంకరు నీళ్లు మట్టిగా వచ్చి సెడిమెంట్ ఫిల్టర్ మూసుకుపోతే, 10వ తేదీన రెండూ మార్పించారు. జనవరి 1న రిమైండర్ మోగుతుంది. "మొన్ననే మార్చాం కదా" అని కొట్టేస్తారు. తర్వాతిది జూలై 1. అంటే నవంబరు 10న వేసిన ఫిల్టర్ దాదాపు ఏడు నెలల ఇరవై రోజులు నడుస్తుంది. ఫోను తన పని తాను సరిగానే చేసింది. పని జరిగిన తేదీని మాత్రం ఎవరూ దానికి చెప్పలేదు.

ఈ ఆలస్యం ఎందుకు ఖరీదో చెప్పాలి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది కార్బన్ ఫిల్టర్. అది నిండిపోయాక క్లోరిన్ నేరుగా ఆర్‌ఓ మెంబ్రేన్‌కు తగులుతుంది, ఆ మెంబ్రేన్ పొర క్లోరిన్‌కు నిలవదు. తక్కువ ధర ఫిల్టర్ ఆలస్యం చేసినందుకు చాలా ఎక్కువ ధర మెంబ్రేన్ ముందే పోతుంది. కొంచెం జాగ్రత్తగా గమనించాల్సింది ఏమిటంటే, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ఇక్కడ ముందుగా హెచ్చరించదు. సెడిమెంట్ మూసుకుపోతే ట్యాంకు నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, తెలిసిపోతుంది. మెంబ్రేన్ పాడైతే టీడీఎస్ పెరుగుతుంది. కొత్తలో లోపలికి 600, బయటికి 50 చూపిన యంత్రం, అదే నీళ్లకు ఇప్పుడు 150 చూపిస్తే మెంబ్రేన్ అయిపోతోందని అర్థం. కార్బన్ నిండిన సంగతి మాత్రం టీడీఎస్‌లో కనబడదు. కాబట్టి దానికి తేదీ లెక్కే ఆధారం, ఆ తేదీ మార్చిన రోజు నుంచే నడవాలి.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఫోనులోనే ఉంచాలంటే, ఫిల్టర్ ఈవెంట్‌లో Repeat వాడకండి. ఒక్కసారికే పెట్టండి. మార్చిన మనిషి ఇంకా గుమ్మం దాటకముందే, ఆ ఈవెంట్‌నే ఆరు నెలలు ముందుకు జరపండి. టాస్క్‌ల యాప్‌లు వాడేవారికి టోడోయిస్ట్‌లో `every! 6 months` అని టైప్ చేస్తే, ఆశ్చర్యార్థకం వల్ల లెక్క పూర్తి చేసిన రోజు నుంచి మొదలవుతుంది. ఆ గుర్తు లేకుండా `every 6 months` అంటే పాత తేదీల వరుసనే పట్టుకుంటుంది. రెండో మార్గం షీటు. ఇలాంటి పనులు నాలుగైదుకు మించితే షీటే మేలు. చివరిగా చేసిన తేదీ B2లో, ఎన్ని నెలలకో C2లో ఉంటే తర్వాతి గడువు ఇది:

```
=EDATE(B2,C2)
```

మార్చినప్పుడల్లా B2 ఒక్కటి దిద్దితే చాలు. కానీ షీటు మోగదు, దాన్ని ఎవరో ఒకరు తెరవాలి. నెలకోసారి, అంటే ప్రతి నెలా 1న ఫోనులో "షీటు చూడు" అని ఒక రిమైండర్ పెట్టండి. నెలకోసారి మోగే దానికి 31వ తేదీ ఎంచుకోకండి, ఆ తేదీ లేని నెలల్లో అది రాదు.

కారు సర్వీసులో షీటుకు ఇంకా ఎక్కువ ప్రయోజనం ఉంది. చాలా పెట్రోల్ కార్ల మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే వేసుకోండి. ఫోనుకు ఏడాది తెలుసు, కిలోమీటర్లు తెలియవు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 2025 జూన్ 10న 24,300 దగ్గర సర్వీసు అయింది. సెప్టెంబరు 18న మీటరు 28,300 చూపించింది. వంద రోజుల్లో 4,000, అంటే రోజుకు 40. ఈ లెక్కన 10,000 కావడానికి 250 రోజులు. గడువు 2026 ఫిబ్రవరి 15. ఫోనులో "జూన్ 10, ఏటా" అని పెట్టుకున్నవారు 14,600 కిలోమీటర్లు నడిచాక సర్వీసుకు వెళ్తారు. ఆయిల్‌కు 4,600 ఎక్కువ. ఫిల్టర్లది కాకుండా వేరే షీటులో B2 సర్వీసు తేదీ, C2 అప్పటి రీడింగు, D2 ఇప్పటి తేదీ, E2 ఇప్పటి రీడింగు అయితే:

```
=MIN(EDATE(B2,12), B2+10000/((E2-C2)/(D2-B2)))
```

సెల్‌ను తేదీ రూపంలో పెట్టండి, లేకపోతే అయిదంకెల సంఖ్య కనబడుతుంది. సర్వీసు అయిన వారంలోపు రీడింగు పెడితే లెక్క తలకిందులవుతుంది, ఒక దూరప్రయాణమే సగటును లాగేస్తుంది. కనీసం రెండు నెలలు గడిచాక పెట్టండి, తర్వాత రెండు నెలలకోసారి D2, E2 మార్చండి. ఇంట్లో ఉన్న రెండో కారు ఏడాదికి 1,800 కిలోమీటర్లే తిరిగితే కిలోమీటర్ల లెక్క గడువును ఏళ్ల దూరంలో చూపిస్తుంది. అప్పుడు MIN ఏడాదినే ఎంచుకుంటుంది, అది సరైనదే. తిరగకపోయినా ఆయిల్‌కు కాలం ముదురుతుంది.

పురుగుల నివారణలో రెండు పనులకు రెండు లెక్కలు. వంటింటి బొద్దింకలకు జెల్ పెట్టించినప్పుడు, అది గుడ్ల సంచిలోకి పోదు. ఆ సంచి నుంచి పిల్లలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. అందుకే మొదటిసారి పెట్టిన రోజు నుంచి మూడు నాలుగు వారాలకు రెండోసారి చూపించుకోవాలి, అప్పుడు కొత్త జెల్ పడుతుంది. ఇది "చేసిన రోజు నుంచి" లెక్క. రెండోదాన్ని మొదటి రోజే ఫోనులో వేసేయండి, ఏడాది కాంట్రాక్టు రాసిచ్చిన పట్టికను నమ్ముకుంటే అది నాలుగు నెలల తర్వాతే రావచ్చు. ఈ మధ్యలో స్ప్రే కొట్టకండి. స్ప్రే వాసనకు బొద్దింకలు జెల్ దగ్గరకు రావు.

చెదలకు మాత్రం ఋతువే గడువు. వానలు మొదలయ్యాక సాయంత్రాలు ట్యూబులైటు చుట్టూ ఉసుళ్లు ఎగురుతాయి. ఇంట్లో నేల మీద రెక్కలు రాలి కనబడితే పుట్ట దగ్గర్లోనే ఉండవచ్చు, ఇంట్లోనూ ఉండవచ్చు. ఏటా మే చివర, జూలై మధ్య రెండుసార్లు తలుపు చట్రాలు, మెట్ల కింద అల్మరా, వంటింటి సింకు కింద మట్టి గొట్టాలేమైనా ఉన్నాయేమో చూడాలి. దీనికి ఏటా మోగే ఫోను రిమైండర్ చక్కగా సరిపోతుంది.

ఇక గోడ క్యాలెండర్. దీన్ని తీసిపారేయడం తప్పు. దాని బలం వంటింట్లో అందరికీ కనబడడం. ఏసీ జాలీ రెండు వారాలకోసారి కడగడం, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం రెండు నెలలకోసారి చూడడం లాంటివాటికి ఇంతకు మించినది లేదు. ఫోను ఒకరి జేబులోనే ఉంటుంది, జాలీ కడిగే మనిషి వేరే కావచ్చు. అయితే జనవరిలో పాత క్యాలెండర్ బయటికి పోతుంది, దాంతో "ఎప్పుడు చేశాం" అన్న జ్ఞాపకమూ పోతుంది. రెండేళ్లకోసారి మార్చే బ్రేక్ ఆయిల్ లాంటిది ఆ క్యాలెండర్‌లో ఎప్పటికీ నిలవదు. ఫిల్టర్ డబ్బా మీదే మార్కర్‌తో తేదీ రాయడం ఆ లోటు కొంత తీరుస్తుంది. టెక్నీషియన్ మారినా ఆ తేదీ అక్కడే ఉంటుంది.

ఒక్కటే ఎంచుకోవాలంటే ఫోను, ఇన్సూరెన్స్ తేదీ తప్పితే పోయేది చాలా పెద్దది కాబట్టి. అప్పుడు ఫిల్టర్లకూ సర్వీసుకూ Repeat పెట్టకండి, చేసిన ప్రతిసారీ చేత్తో ముందుకు జరపండి. ఆ క్యాలెండర్‌ను ఇంట్లో ఇంకొకరి ఫోనుకూ పంచండి. రెండు బండ్లు, ఆర్‌ఓ, రెండు ఏసీలు, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఫోనుకు తోడు షీటు పెట్టుకోండి. ఈరోజే మొదలుపెడితే ముందు చేయాల్సింది పాలసీ తెరిచి ఓన్ డ్యామేజ్ ముగిసే తేదీ చూడడం.