లీవ్ మెయిల్‌లో "ఫోన్‌లో ఉంటాను" అనాలా, "సిగ్నల్ ఉండదు" అని చెప్పేయాలా: ఏది మేలు?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూసే మనిషి నల్లమల అడవిలో జరిగే సలేశ్వరం జాతరకు పోవాలనుకున్నాడనుకుందాం. జాతర చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ జరుగుతుంది. 2025లో పౌర్ణమి ఏప్రిల్ 12, శనివారం పడింది. దానికి ముందు రోజు, 11వ తేదీ, మార్చి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్న్, అంటే జీఎస్టీఆర్-1, వేయడానికి ఆఖరు గడువు. ఈ లీవ్‌కు మేనేజర్‌కు రెండు రకాలుగా రాయొచ్చు.

మొదటిది చాలామంది రాసేదే:

"సార్, 11 నుంచి రెండు రోజులు లీవ్ కావాలి. ఊరికి పోతున్నా. పని ఆగకుండా చూస్తా. ఏదైనా అర్జెంట్ ఉంటే ఫోన్ చేయండి, అందుబాటులో ఉంటాను."

వినడానికి మర్యాదగా ఉంది, లీవ్ కూడా ఇట్టే దొరకొచ్చు. కానీ ఇందులో మేనేజర్ ప్లాన్ చేసుకోవడానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. లీవ్ రెండు రోజులే అయినా, 13 ఆదివారం, 14 అంబేద్కర్ జయంతి. మనిషి మళ్లీ సీట్లో కూర్చునేది 15న, మంగళవారం. మేనేజర్ లెక్క వేసుకోవాల్సింది ఆ తేదీని బట్టే. ఇక "అందుబాటులో ఉంటాను" అన్న మాట. దేవరకొండ, డిండి, అచ్చంపేట మీదుగా పోయి మన్ననూరు దాటాక నల్లమలలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. మేనేజర్ మాత్రం ఆ మాట నమ్మి, వేరే ఏర్పాటేదీ చేసుకోడు.

రెండోది కొంచెం పొడుగు:

"సార్, ఏప్రిల్ 11 శుక్రవారం, 12 శనివారం లీవ్ ఇవ్వగలరు. 13, 14 సెలవులు కాబట్టి 15 మంగళవారం పొద్దున డ్యూటీకి వస్తాను.

మార్చి జీఎస్టీఆర్-1 ఎంట్రీలు 9 సాయంత్రానికి పూర్తి చేసి మీకు చూపిస్తాను. ఓటీపీ ఓనర్ గారి ఫోన్‌కు వస్తుంది, 10న ఆయన ఆఫీసులో ఉంటారా అని కనుక్కోగలరు. ఆ రోజే ఫైల్ చేద్దాం.

ఈ-వే బిల్లులు డిస్పాచ్ గుమాస్తా తీస్తాడు. అతని నంబర్‌తో సబ్ యూజర్ పెట్టించి, 8న నా ముందే ఒక బిల్లు తీయిస్తాను.

11 మధ్యాహ్నం దాకా ఫోన్ ఎత్తుతాను. ఆ తర్వాత 13 సాయంత్రం దాకా అడవిలో సిగ్నల్ ఉండదు. 14న పొద్దున 10 నుంచి 11 దాకా నేనే ఫోన్ చేస్తాను."

నా ఓటు రెండోదానికే. "సిగ్నల్ ఉండదు" అంటే మేనేజర్ ఒప్పుకోడేమో అన్న భయం ఉంటుంది, అది నిజమే. కానీ ఆ ఒక్క మాటే మిగతా ఏర్పాట్లన్నింటినీ ముందుకు లాగుతుంది. ఫోన్‌లో దొరకనని ఒప్పుకున్నాక, 12న లారీ లోడై గేటు దగ్గర నిలబడితే ఏం చేయాలో ఇప్పుడే తేల్చుకోక తప్పదు.

ఆ లారీ సంగతే చూడండి. మొదటి మెయిల్ రాసిన మనిషి వెళ్లేముందు గుమాస్తాకు పాస్‌వర్డ్ చెప్పి, అప్పగింత అయిపోయిందనుకుంటాడు. సరుకు లారీలో కదలాలంటే ఉండాల్సిన ఈ-వే బిల్లును ఆన్‌లైన్ పోర్టల్‌లో తీయాలి. ఆ పోర్టల్ ఇప్పుడు పాస్‌వర్డ్ ఒక్కదానితో తెరుచుకోదు, ఓటీపీ కూడా అడుగుతుంది. అది వచ్చేది రిజిస్టరైన నంబర్‌కు. ఆ నంబర్ అకౌంటెంట్‌దే అయితే ఓటీపీ అతనితోపాటే అడవిలోకి పోతుంది. గుమాస్తా పేరిట విడిగా లాగిన్, అంటే సబ్ యూజర్, ఉంటే ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. అయితే పెట్టించి ఊరుకుంటే చాలదు, ఒక నిజమైన బిల్లు అతని చేత తీయించాలి. వాహనం నంబర్ ఎక్కడ కొట్టాలి, తప్పు పడితే 24 గంటల్లోపు ఎలా రద్దు చేయాలి అన్నవి అప్పుడే బయటపడే సందేహాలు.

జీఎస్టీఆర్-1ను మాత్రం ఎవరికీ అప్పగించకుండా ముందే ముగించడం మేలు. అది 11 దాటితే మార్చి బిల్లులు కొనుగోలుదారులకు 14న తయారయ్యే పన్ను క్రెడిట్ పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనపడవు, కొన్నప్పుడు కట్టిన పన్నుకు వాళ్లకు రావాల్సిన క్రెడిట్ ఒక నెల వెనక్కి పోతుంది. ఇక వాళ్ల ఫోన్లన్నీ మేనేజర్‌కే.

మొదటి మెయిల్ సరిపోయే సందర్భాలు లేకపోలేదు. నల్లగొండలోనే చుట్టాల పెళ్లికి ఒక్క పూట పోతుంటే, గడువేదీ దగ్గర్లో లేకపోతే, ఇంత రాయడం అతి. అప్పుడు కూడా "అందుబాటులో ఉంటాను" అనే బదులు "తలంబ్రాలు అయ్యాక, 2 గంటల తర్వాత ఫోన్ ఎత్తుతాను" అని రాస్తే మంచిది. పెళ్లి పందిట్లో పదిసార్లు మోగే ఫోన్ రెండుసార్లకు తగ్గుతుంది.

రెండో రకం మెయిల్‌ను కనీసం వారం ముందు పంపాలి. 10 రాత్రి పంపితే అందులో రాసిన ఏర్పాటు ఒక్కటీ చేసే టైం ఉండదు.