డైలీ ఫైనాన్స్ కార్డు రెన్యువల్ చేయించే ముందు ఈ లెక్క చూడండి: చిన్న దుకాణదారులకు హెచ్చరిక

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు కిరాణా, టీ, కూరగాయల దుకాణాలు నడుపుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సాయంత్రం బండి మీద వచ్చి కార్డు మీద సంతకం పెట్టి పైసలు తీసుకుపోయే డైలీ ఫైనాన్స్ మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. నాకు అప్పిచ్చిన వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, పద్ధతి మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. ముఖ్యంగా సగం కట్టాక "రెన్యువల్" అంటారు చూడండి, అక్కడే జాగ్రత్త పడాలి.

నాకు ఇచ్చిన లెక్క ఇది. నోటు 50,000 కు. మిత్తి ముందే కోసుకుని చేతికి 45,000 ఇచ్చారు. రోజుకు 500 చొప్పున 100 రోజులు కట్టాలి. "మూడు నెలల చిల్లరకు నూటికి పది, అంటే నెలకు మూడు రూపాయల మిత్తే కదా అన్నా" అని చెప్తారు. ఆ లెక్క తప్పు. 45,000 మన దగ్గర 100 రోజులూ ఉండదు. రెండో రోజు నుంచే తిరిగి ఇస్తున్నాం. మొదటి రోజు 45,000, చివరి రోజు సున్నా. మొదట్లో కట్టే 500 లో మిత్తి భాగం ఎక్కువ, అసలు కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, కాబట్టి సగటున మనం వాడుకున్నది సగం కంటే కాస్త ఎక్కువ, 23,500 దగ్గర మాత్రమే. దాని మీద 100 రోజులకు 5,000 మిత్తి అంటే నెలకు నూటికి ఆరు రూపాయల నలభై పైసల దగ్గర పడుతుంది. ఏడాదికి చూస్తే 77 శాతం.

ఇక రెన్యువల్ సంగతి. 50 రోజులు కట్టాక, బీట్‌బజార్‌లో సామాను తేవడానికి గల్లాలో పైసలు లేని రోజు చూసి అడుగుతారు: "సగం కట్టేసినవ్ అన్నా, కార్డు మార్చుదాం, ఇప్పుడే పైసలిస్తా." కొత్త నోటు మళ్లీ 50,000 కు. అందులో కొత్త మిత్తి 5,000 కోస్తారు, పాత కార్డులో మిగిలిన 25,000 కోస్తారు, చేతికి 20,000 వస్తుంది. ఇప్పుడు మనం నిజంగా కొత్తగా ఒప్పుకున్నది ఎంత? పాత కార్డు ఎట్లాగూ ఇంకో 50 రోజులు కట్టాల్సిందే. దాని తర్వాత అదనంగా ఇంకో 50 రోజులు, రోజుకు 500, అంటే 25,000 కట్టాలి. 20,000 తీసుకుని 25,000 కడుతున్నాం. ఇది నెలకు నూటికి తొమ్మిది రూపాయల దగ్గరికి పోతుంది. పాత బాకీ 25,000 లో ఇంకా వాడని రోజుల మిత్తి కూడా కలిసి ఉంటుంది, దాని మీద మళ్లీ కొత్త మిత్తి వేస్తారు. అందుకే రెండో కార్డు మొదటి కార్డు కంటే ఖరీదు, అప్పిచ్చేవాడు రేటు మార్చకపోయినా సరే.

నేను పొదుపు సంఘంలో సభ్యుడిని. ఇలాంటి పరస్పర సహాయ సహకార సంఘాలు 1995 చట్టం కింద మన ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల ఊళ్లలో చాలానే నడుస్తున్నాయి. నెల నెలా కట్టే పొదుపే మూలధనం, దాని నుంచే సభ్యులకు అప్పు. రెన్యువల్ కార్డు నడుస్తుండగానే సంఘానికి దరఖాస్తు రాశాను. కొందరు అడిగారు కాబట్టి ఆ ఉత్తరం ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను. మీ అంకెలు వేసి వాడుకోండి.

"అధ్యక్షులు గారికి, పాలకవర్గ సభ్యులకు నమస్కారాలు.

విషయం: బయటి బాకీలు తీర్చుకోవడానికి 75,000 రూపాయల అప్పు కోసం.

నేను మన సంఘంలో సభ్యుడిని. నా పేరు మీద పొదుపు 25,000 ఉంది. సంఘం నియమం ప్రకారం పొదుపుకు మూడింతలు, అంటే 75,000 వరకు అడిగే అర్హత ఉందని ఈ దరఖాస్తు పెడుతున్నాను. ఈ డబ్బు కొత్త సామానుకు కాదు, పాత బాకీలు తీర్చడానికే.

నాకు బయట రెండు బాకీలున్నాయి. ఒకటి డైలీ ఫైనాన్స్, రోజుకు 500 చొప్పున ఇంకా 70 రోజులు, మొత్తం 35,000. రెండోది ప్రామిసరీ నోటు మీద తీసుకున్న 40,000, నూటికి మూడు రూపాయల మిత్తి. దానికి నెలకు 1,200 కడుతున్నాను, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు.

నా దుకాణంలో రోజు అమ్మకం సుమారు 7,000. అందులో మిగిలేది 800. కిరాయి, కరెంటు పోను 600. డైలీ ఫైనాన్స్‌కు 500, నోటు మిత్తికి రోజుకు 40 పోతే ఇంటికి 60 మిగులుతుంది. తక్కువ పడింది సామాను పైసల్లోంచి తీయాల్సి వస్తోంది, దాంతో సరుకు తగ్గి అమ్మకం కూడా తగ్గుతోంది.

10,000 రూపాయలు ఒక నెల వాడుకుంటే పడే మిత్తి పోల్చి చూశాను. డైలీ ఫైనాన్స్ మొదటి కార్డుకు సుమారు 640. అదే రెన్యువల్ చేస్తే సుమారు 890. ప్రామిసరీ నోటుకు 300. మన సంఘంలో 100.

సంఘం 75,000 ఇస్తే నెలకు 3,000 అసలు, మిగిలిన బాకీ మీద రూపాయి మిత్తి చొప్పున 25 నెలల్లో తీరుస్తాను. మొదటి నెల 3,750, చివరి నెల 3,030. మొత్తం మిత్తి 9,750 అవుతుంది. ఇప్పుడు నెలకు 16,200 బయటికి పోతోంది. అప్పు వచ్చాక రోజుకు 125 పక్కన పెడితే వాయిదా వెళ్లిపోతుంది, ఇంటికి 475 మిగులుతుంది.

డబ్బు నా చేతికి ఇవ్వనవసరం లేదు. అప్పులవాళ్లకే నేరుగా కట్టి, నా నోట్లు, చెక్కులు తీసుకోవాలని కోరుతున్నాను. ఇద్దరు సభ్యులు జామీను ఉంటారు. డైలీ కార్డు జిరాక్స్, నోటు మీద కట్టిన మిత్తి చీటీలు, రెండు నెలల అమ్మకాల పుస్తకం జత చేస్తున్నాను.

ఇట్లు, తమ సభ్యుడు."

ఉత్తరంలో "పాత బాకీలు తీర్చడానికే" అన్న మాట దాచకండి. వ్యాపారం పెంచడానికి అని రాస్తే కమిటీ వాళ్లు దుకాణం చూడటానికి వచ్చినప్పుడు కొత్త సరుకు ఎక్కడ అని అడుగుతారు, జామీను ఉన్నవాళ్ల ముందు మాట పోతుంది. అమ్మకం మొత్తం రాసి ఊరుకోవద్దు, మిగిలేది రాయండి. వాయిదా కట్టేది మిగులులోంచే కాబట్టి వాళ్లు మొదట చూసేది అదే.

కమిటీలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న మీకు కూడా పనికొస్తుంది. "35,000 బాకీకి 35,000 కట్టేస్తే నీకు మిత్తి ఏం తగ్గింది బిడ్డా?" అన్నాడు. నిజమే. డైలీ ఫైనాన్స్‌లో మిత్తి ముందే కోసేస్తారు, కార్డు మీద కనిపించే బాకీలో రాబోయే రోజుల మిత్తి కూడా ఉంటుంది. పూర్తిగా కట్టేస్తే అప్పులవాడికి 70 రోజుల మిత్తి ఊరికే ఇచ్చినట్టు, పైన సంఘానికి రూపాయి మిత్తి మళ్లీ మనమే కట్టాలి. కోసిన 5,000 లో వాడని రోజులది దాదాపు 2,500. రోజులు 70 మిగిలినా మిత్తిలో సగమే మిగలడానికి కారణం ఉంది: మొదటి రోజుల్లో మన దగ్గరున్న డబ్బు ఎక్కువ, మిత్తి ఎక్కువ భాగం అప్పుడే అయిపోతుంది. కాబట్టి న్యాయంగా 32,500 కు తెగాలి.

మా ఫైనాన్స్ ఆయన మొదట ఒప్పుకోలేదు. "కార్డు మీద ఎంతుంటే అంత" అన్నాడు. సంఘం సెక్రటరీ గారు నాతో పాటు వచ్చి మాట్లాడాక 33,500 కు దిగాడు. తగ్గిన 1,500 ను అదే రోజు సంఘం బాకీలో జమ చేయించాను. మీ దగ్గర అసలే తగ్గించకపోతే కూర్చుని ఆలోచించండి. రోజులు తక్కువ మిగిలి, రెన్యువల్ చేయకుండా ఉండగలిగితే కార్డును అట్లాగే పోనిచ్చి, సంఘం డబ్బుతో మూడు రూపాయల నోటు ఒక్కటే తీర్చడం మేలు. రోజు వాయిదా కట్టలేక మళ్లీ రెన్యువల్‌కు పోయే స్థితి ఉంటేనే పూర్తి బాకీకైనా తెంచుకోండి, అప్పుడు ఆదా అయ్యేది రాబోయే కార్డు మిత్తి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం చివరి ఘట్టం. డైలీ ఫైనాన్స్‌లో అప్పు తీసుకునేటప్పుడు అంకె రాయని ప్రామిసరీ నోటు మీద, రెండు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకున్నారు. బాకీ తీర్చడానికి పోతే "పైసలు ఇచ్చిపో, కాగితాలు ఇంట్లో ఉన్నయ్, వెతికి ఇస్త" అన్నాడు. సంఘం చెక్కు ఇస్తానంటే వద్దు, నగదే కావాలన్నాడు. సెక్రటరీ గారు కాగితాలు బల్ల మీద పెట్టేదాకా డబ్బు కదలనివ్వలేదు. నోటు, ఒక చెక్కు బయటికొచ్చాయి, రెండో చెక్కు "పోయింది" అన్నాడు.

ఇది చిన్న విషయం కాదు. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చిన నోటులో అంకె నింపుకునే అధికారం నోటు పట్టుకున్నవాడికి చట్టమే ఇస్తుంది. చెక్కును బ్యాంకులో వేసి బౌన్స్ అయితే 138 సెక్షన్ కింద కేసు వేయొచ్చు. అందుకని ఆ చెక్కు నంబరు వేసి అక్కడే రసీదు రాయించాం: ఫలానా నోటు బాకీ మొత్తం ముట్టింది, ఫలానా నంబరు చెక్కు పోయింది, దొరికినా చెల్లదు, నాకు రావలసిందేమీ లేదు. రెవెన్యూ స్టాంపు మీద ఆయన సంతకం, సాక్షులుగా ఇద్దరిది. డబ్బు కూడా నగదు కాకుండా ఆయన బ్యాంకు ఖాతాకే పంపించాం, రికార్డు ఉంటుందని. తర్వాత నా బ్యాంకుకు పోయి ఆ చెక్కు ఆపమని కాగితం ఇచ్చాను. బ్యాంకులో ఆపించడం ఒక్కటే చాలదు, రేపు కేసు వేస్తే బాకీ లేదని చూపించేది ఆ రసీదే. తిరిగొచ్చిన నోటు మీద అడ్డంగా "రద్దు" అని రాసి దాచుకోండి.

సంఘాల గురించి కూడా ఒక మాట. ఎక్కడైనా "రూపాయి మిత్తి" అంటే, తగ్గిన బాకీ మీదనా, మొదటి అసలు మీదనా అని అడగండి. 75,000 కు 25 నెలలు మొదటి అసలు మీదనే రూపాయి వేస్తే మిత్తి 18,750 అవుతుంది, నాకు పడినదానికి దాదాపు రెట్టింపు. అప్పు తీరేదాకా మీ పొదుపు తీసుకోవడం కుదరదు, అది కూడా చూసుకోండి. ఈ రోజు సభ్యుడై రేపు అప్పు అడిగితే మా సంఘంలో రాదు, పొదుపు పెరగాలి. సభ్యులు కానివాళ్లు, ఇప్పుడు కార్డు నడుస్తున్నా, నెలకు చేతనైనంత పొదుపు మొదలుపెట్టండి. కార్డు మారుద్దామని ఎవరైనా వస్తే, సంతకం పెట్టే ముందు చేతికొచ్చేది ఎంత, కొత్తగా కట్టేది ఎంత అని ఈ రెండంకెలు చీటీ మీద రాయించుకోండి. రాసివ్వనంటే రెన్యువల్ వద్దని చెప్పండి.