సెకండ్ హ్యాండ్ రూటర్ కొనేవాళ్లకి జాగ్రత్త: “సెట్టింగ్స్ సార్” అంటే నమ్మి వారెంటీ రోజులు పోగొట్టుకోకండి

బెంగళూరులో ఉన్న మనవాళ్లకి, ముఖ్యంగా ఎస్పీ రోడ్డు వైపు వెళ్లి తక్కువలో ఒక పాత రూటర్ తెచ్చుకుందాం అనుకుంటున్నవాళ్లకి ఇది రాస్తున్నాను. పోయిన నెల నేను 1,400 రూపాయలు పెట్టి ఒక గిగాబిట్ రూటర్ కొన్నాను. ఏడు రోజుల టెస్టింగ్ వారెంటీ అన్నారు. ఆ ఏడు రోజులూ సెట్టింగ్స్‌లో తప్పు వెతుకుతూనే గడిచిపోయాయి. ఎనిమిదో రోజు తెలిసింది, సెట్టింగ్స్‌లో ఏమీ లేదు, నెట్ వైరు పెట్టే ఈథర్నెట్ పోర్టే పోతోందని.

షాపులో అన్నీ బాగానే కనిపించాయి. వాళ్ల వైరు పెట్టారు, లైటు వెలిగింది, నా ఫోన్ వైఫైకి కలిపి స్పీడ్ చూస్తే 60 ఎంబీపీఎస్ చిల్లర వచ్చింది, డబ్బులిచ్చి వచ్చేశాను. ఇంట్లో నాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్‌లో చూసినా, ల్యాప్‌టాప్‌లో చూసినా, వైఫై అయినా వైరు అయినా 93, 94 దగ్గర ఆగిపోతోంది. రెండో రోజు సాయంత్రం నుంచి నెట్ మధ్యమధ్యలో పది సెకన్లు పోయి వస్తోంది, అది కూడా సరిగ్గా ఆఫీస్ కాల్‌లో ఉన్నప్పుడు.

షాపతనికి ఫోన్ చేస్తే, “లైటు వెలుగుతోంది కదా సార్, పోర్టుకి ఏం కాలేదు, సెట్టింగ్స్ ఏదో మారుంటుంది, రీసెట్ కొట్టండి” అన్నాడు. నమ్మాను. రీసెట్ చేశాను, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మళ్లీ ఎక్కించాను, డీఎన్ఎస్ మార్చాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను. కేబుల్ అబ్బాయిని పిలిపించి ప్లగ్ కొత్తది వేయించాను కూడా. అదే 94.

ఆ 94 అన్న అంకెనే నేను మొదటి రోజు పట్టుకుని ఉండాల్సింది. ఈథర్నెట్ వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబర్ల తీగలు చాలు. మిగతా నాలుగింటిలో ఒక్కటి సరిగా తగలకపోయినా గిగాబిట్ కుదరదు, చాలా పరికరాలు చప్పుడు లేకుండా వందకి దిగిపోతాయి, అందులో మన చేతికి వచ్చేది 94 చుట్టూనే. కొన్ని చిప్‌లు అలా దిగకుండా గిగాబిట్ కోసమే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, అప్పుడు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఇంట్లో అన్ని పరికరాలూ, వైఫై మీద ఉన్నవి కూడా, ఒకే 94 దగ్గర ఆగాయంటే ఇరుకు బయటి నుంచి నెట్ వచ్చే దారిలో, అంటే వాన్ పోర్టు దగ్గరో, దానికి వచ్చే వైరులోనో ఉన్నట్టు. షాపులో చూసిన 60 వంద లోపలే కాబట్టి అక్కడ ఏమీ బయటపడలేదు.

(కొనేముందు ఒక్కటి చూసుకోండి: వైఫై పెద్ద పెద్ద అంకెలు రాసి ఉన్నా పోర్టులు మాత్రం వందవే ఉన్న రూటర్లు చాలా ఉన్నాయి. వాటిలో 94 రావడం తప్పు కాదు, అది అంతే.)

ఎనిమిదో రోజు నేను చేసిన పరీక్ష ఇది. దీనికి నెట్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. రెండు పోర్టులు ఏ స్పీడ్‌లో కలవాలో మాట్లాడుకోవడం ఐపీ అడ్రస్, లాగిన్‌లాంటివన్నీ మొదలవక ముందే జరిగిపోతుంది. అందుకే చూడాల్సింది నెట్ వచ్చిందా అని కాదు, లింక్ స్పీడ్ ఎంత అని. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఇది కొట్టండి:

```
Get-NetAdapter | Select-Object Name, LinkSpeed
```

ముందు బయటి నుంచి వచ్చే వైరుని రూటర్ నుంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. నెట్ రాలేదు, మా కనెక్షన్ రూటర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే దాని గుర్తింపు నంబరుకి, కట్టేసి ఉంటుంది కాబట్టి రాదు కూడా. కానీ లింక్ స్పీడ్ `1 Gbps` చూపించింది. అంటే గోడలోంచి వచ్చే వైరు, కొత్త ప్లగ్ రెండూ బాగున్నాయి. తర్వాత కొత్త మీటరు ప్యాచ్ కేబుల్ తీసుకుని ల్యాప్‌టాప్‌ని రూటర్‌లో ఇంటి పరికరాల కోసం ఉండే ల్యాన్ పోర్టుకి పెట్టాను, `1 Gbps`. అదే కేబుల్, అదే ల్యాప్‌టాప్, రూటర్ వైపు కొసని మాత్రం తీసి వాన్ పోర్టులో పెట్టాను. `100 Mbps`. తీసి మళ్లీ పెట్టినా అంతే. ప్లగ్‌ని వేలితో కాస్త పక్కకి నొక్కితే లైటు ఆరిపోయింది, వదిలితే మళ్లీ వచ్చింది.

ఇక్కడ తొందరపడకుండా రెండు చూడాలి. కొన్ని రూటర్లలో వాన్ పోర్టు స్పీడ్‌ని చేత్తో వందకి బిగించే ఆప్షన్ ఉంటుంది, అది ఆటోలో ఉందో లేదో చూడండి. ల్యాప్‌టాప్ అడాప్టర్‌లో కూడా `Speed & Duplex` అని ఒకటి ఉంటుంది, అదీ ఆటోలోనే ఉండాలి. నాకు రెండూ ఆటోలోనే ఉన్నాయి. పైగా అదే ల్యాప్‌టాప్ ల్యాన్ పోర్టులో గిగాబిట్ చూపించింది కాబట్టి ల్యాప్‌టాప్ మీద అనుమానమే లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వేలితో నొక్కితే లైటు ఆరేలా చేసే సెట్టింగ్ ఏదీ ఉండదు.

ఫోన్ టార్చ్ వేసి లోపల చూశాను. ఎనిమిది బంగారు రంగు పిన్నులు ఒకే ఎత్తులో వరసగా ఉండాలి. ఒక కొసన ఉన్నది మిగతా వాటికన్నా కిందికి నొక్కుకుపోయి ఉంది, దాని మొదలు దగ్గర పచ్చగా చిలుము. అది ఒకటో నంబరు పిన్ను అయ్యుంటే లైటే వచ్చేది కాదు. వంద వస్తోంది కాబట్టి ఎనిమిదోది. అందరికీ ఇలా కంటికి కనపడాలని లేదు. ఉరుములప్పుడు వైరు మీదుగా కరెంటు కొట్టి లోపలి చిప్ దెబ్బతింటే పిన్నులు కొత్తవాటిలా మెరుస్తూనే ఉంటాయి, అప్పుడు కూడా పోర్టు మార్చి చూసే ఈ పరీక్షే గతి.

నిజంగా సెట్టింగ్స్ సమస్య అయితే ఎలా ఉంటుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఊరికే షాపువాళ్లతో గొడవ పడకూడదు. లైటు కదలకుండా వెలుగుతుంది, లింక్ స్పీడ్ పూర్తిగా చూపిస్తుంది, కానీ నెట్ ఉండదు. రూటర్ నుంచి అడ్రస్ అందక ల్యాప్‌టాప్ తనకి తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటుంది, లేదా రూటర్ పేజీలో లాగిన్ ఫెయిల్ అని ఉంటుంది. రూటర్ మార్చిన రోజే నెట్ రాకపోతే ఎక్కువసార్లు మ్యాక్ అడ్రస్ గొడవే, ప్రొవైడర్‌కి ఫోన్ చేసి పాతది తీసేయమంటే సరిపోతుంది. అలాంటిది పొద్దున బాగుండి సాయంత్రానికి పాడవదు, వైరు కదిలిస్తే మారదు.

తొమ్మిదో రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకి వెళ్లి అతని ముందే రెండు పోర్టులూ పెట్టి చూపించాను. పోర్టు పోయిందని ఒప్పుకున్నాడు, కానీ వారెంటీ అయిపోయింది అన్నాడు. డబ్బులు రాలేదు.

కాబట్టి కొనేటప్పుడే ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి కేబుల్ తీసుకెళ్లండి. వాన్‌తో సహా ప్రతి పోర్టులో పెట్టి లింక్ స్పీడ్ చూడండి, ఒక్కోదానికి అర నిమిషం చాలు. ప్లగ్‌ని కాస్త కదిపి చూడండి. ఇంటికొచ్చాక మొదటి రోజే నాలుగైదు గంటలు వదలకుండా నడిపి మళ్లీ చూడండి, కొన్ని పోర్టులు వేడెక్కాకే జారతాయి. ఇప్పటికే కొనేసి ఇలా ఇరుక్కున్నవాళ్లు పారేయకండి, ల్యాన్ పోర్టులు బాగుంటే దాన్ని ఇంకో రూటర్ నెట్‌ని వైఫైలో పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి ఆ రూటర్ నుంచి దీని ల్యాన్ పోర్టులోకి వైరు ఇవ్వొచ్చు. మోడల్‌ని బట్టి ఆ మోడ్‌లో ల్యాన్ పోర్టు తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి. నాది ఇప్పుడు అలాగే వెనక గదిలో పనిచేస్తోంది.