డ్యాష్‌బోర్డా, గ్లవ్‌బాక్సా, జేబా: ఎండలో నిలిపిన కారులో ఫోను ఎక్కడ ఉంటే మేలు?

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం రుషికొండ దగ్గర కారు ఎండలో నిలిపి, భోజనం ముగించుకుని తిరిగి వచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. మ్యాపు చూడడం కోసం ముందు అద్దానికి ఆనించి పెట్టిన మా బావగారి ఫోను డ్యాష్‌బోర్డు మీదే ఉండిపోయింది. తలుపు తీసి దాన్ని అందుకోబోయిన ఆయన, వేలు తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చేతిరుమాలుతో పట్టుకుని తీస్తే వెనుక రబ్బరు కవరు మెత్తబడి ఫోనుకు అంటుకుని ఉంది. నేను కంగారు పడుతుంటే ఆయన మాత్రం, "స్విచ్చాఫ్ చేసీసేను కదా, ఆగిపోయిన ఫోనుకి ఏటవుతాది?" అన్నారు. చాలామంది నమ్మకం ఇదే కాబట్టి ముందుగా దీనికి సమాధానం చెప్పుకోవడం మంచిది.

ఫోను ఆపితే ప్రాసెసరు, తెర పనిచేయడం మానేస్తాయి గాని, బ్యాటరీ లోపల జరిగే రసాయన చర్య ఆగదు. లిథియం సెల్లులో ఒకవైపు గ్రాఫైట్, మరొకవైపు కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడు, ఈ రెండింటి మధ్య ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటాయి. ఛార్జి ఎక్కిన గ్రాఫైట్‌కు ఈ ద్రవంతో నిజానికి పొసగదు. తగిలినచోటల్లా ద్రవాన్ని విడగొడుతుంది. కొత్త సెల్లును ఫ్యాక్టరీలో మొదటిసారి ఛార్జి చేసినప్పుడే అలా విడిపోయిన పదార్థం గ్రాఫైట్ మీద పలుచని పొరగా పేరుకుని, ఆ తరువాతి చర్యను బాగా నెమ్మదింపజేస్తుంది. ఆ పొర లేకపోతే సెల్లు పనిచేయదు. కానీ అది కొద్దికొద్దిగా మందమవుతూనే ఉంటుంది, మందమైన ప్రతిసారీ కొంత లిథియంను తనలో బంధిస్తుంది. అటూ ఇటూ తిరుగుతూ కరెంటు మోయవలసిన లిథియం అలా శాశ్వతంగా లెక్కలోంచి పోతుంది. ఛార్జి అయిపోతే మళ్ళీ ఎక్కించవచ్చు గాని, పొరలో చిక్కుకున్న లిథియంను ఏ ఛార్జరూ వెనక్కి తీసుకురాలేదు. వేడి ఈ పొర పెరిగే వేగాన్ని పెంచుతుంది. వేడి మరీ ఎక్కువైతే పొరలో కొంత భాగం చెదిరి, బయటపడిన గ్రాఫైట్ మీద మళ్ళీ కొత్త పొర కట్టడానికి ఇంకొంత లిథియం ఖర్చవుతుంది.

ఇక మూడు చోట్లనూ పోల్చి చూద్దాం. అమెరికాలోని అరిజోనాలో ఎండలో నిలిపిన కార్లను కొలిచి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఒక గంట ఎండలో ఉన్న కార్లలో లోపలి గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కూ, సీట్లు 51 డిగ్రీలకూ చేరితే, డ్యాష్‌బోర్డు పైభాగం 69 డిగ్రీలకు చేరింది. నీడలో నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు 48 డిగ్రీల దగ్గరే ఆగింది. అక్కడి ఎండ మన విశాఖ ఎండకన్నా తీవ్రమైనదే. మనకు సముద్రపు గాలి ఉంటుంది, మే నెలలో కూడా పగటి ఉష్ణోగ్రత చాలా రోజులు 35 చుట్టుపక్కలే ఉంటుంది. అయితే అద్దాలు మూసిన కారులోకి ఆ గాలి రాదు. వచ్చేది వెలుగు మాత్రమే. వెలుగు అద్దం గుండా లోపలికి వచ్చి నల్లటి డ్యాష్‌బోర్డును వేడెక్కిస్తుంది, ఆ వేడి మాత్రం అదే అద్దం గుండా తేలికగా బయటికి పోదు. పైగా ఫోను ముఖం కూడా నల్లటి గాజే కనుక కింద నుంచి డ్యాష్‌బోర్డు వేడినీ పైనుంచి ఎండనూ రెండింటినీ తీసుకుంటుంది. అందుకే గ్లవ్‌బాక్సులో ఉన్న ఫోనుకూ డ్యాష్‌బోర్డు మీది ఫోనుకూ మధ్య తేడా, కారు ఒకటే అయినా, చాలా పెద్దది.

ఆ తేడా ఎంతో లెక్క వేయడానికి ఒక ముతక సూత్రం ఉపయోగపడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇలాంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. ఇంట్లో 30 డిగ్రీల దగ్గర ఉన్న ఫోనును ప్రమాణంగా తీసుకుందాం. మన ఊళ్ళో డ్యాష్‌బోర్డు మీది ఫోను 60 డిగ్రీలకు చేరిందనుకుంటే, మూడుసార్లు రెట్టింపై ఎనిమిది రెట్ల వేగం వస్తుంది. అంటే అక్కడ గడిపిన రెండు గంటలు ఇంట్లో గడిపిన 16 గంటల వయసుతో సమానం. గ్లవ్‌బాక్సులో ఎండ తగలక 45 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే అవే రెండు గంటలు ఆరు గంటలకు కొంచెం తక్కువగా లెక్కకు వస్తాయి. జేబులో ఒంటి వేడికి 33 డిగ్రీల దగ్గర ఉంటే రెండున్నర గంటలు. రోజూ రెండు గంటలు డ్యాష్‌బోర్డు మీద వదిలే అలవాటున్న మనిషి ఫోను ప్రతి రోజూ 24 గంటలకు బదులు 38 గంటల వయసు పెంచుకుంటుందన్నమాట. 60 దాటిన తరువాత ఎలక్ట్రోలైట్‌లోని లవణం కూడా చెడడం మొదలై ఇతర చర్యలు తోడవుతాయి కనుక, అక్కడ ఈ సూత్రం చెప్పేదానికన్నా నష్టం ఎక్కువే ఉంటుంది.

కాబట్టి ఫోను వెంట తీసుకెళ్ళగలిగితే జేబే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. కానీ అన్నిసార్లూ అది కుదరదు. ఫోను లోపలికి అనుమతించని పరీక్ష కేంద్రానికి పిల్లలను దించడానికి వెళ్ళినవాళ్ళు ఆ పిల్లల ఫోన్లను కారులోనే పెట్టుకోవలసి వస్తుంది. అలాంటప్పుడు గ్లవ్‌బాక్సు కన్నా కూడా ముఖ్యమైన విషయం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది ఫోనులో ఆ సమయానికి ఎంత ఛార్జి ఉన్నదన్నది.

నిండా ఛార్జి ఉన్న సెల్లులో గ్రాఫైట్ మరింత చురుకుగా ద్రవాన్ని విడగొడుతుంది, అవతలి ఆక్సైడు వైపు కూడా వోల్టేజి ఎక్కువై అక్కడ ద్రవం చెడుతుంది. బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైటు ఇచ్చే పట్టిక ఇక్కడ బాగా పనికొస్తుంది. 40 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు ఊరికే ఉంచిన లిథియం సెల్లు, 40 శాతం ఛార్జితో ఉంటే సామర్థ్యంలో 85 శాతం నిలుపుకుంటుంది, నిండా ఛార్జితో ఉంటే 65 శాతమే నిలుపుకుంటుంది. 60 డిగ్రీల దగ్గరైతే 40 శాతం ఛార్జితో ఉన్నది ఏడాదికి 75కి, నిండా ఛార్జితో ఉన్నది మూడు నెలలకే 60కి పడిపోతాయి. కనుక ఇంట్లో రాత్రంతా ఛార్జరుకు తగిలించి 100 శాతంతో తెచ్చిన ఫోనును డ్యాష్‌బోర్డు మీద వదలడం అన్నిటికన్నా చెడ్డది. సగం ఛార్జితో, గుడ్డలో చుట్టి గ్లవ్‌బాక్సులో పెట్టి, కారును చెట్టు నీడన నిలపడం, ఫోను వదిలి వెళ్ళక తప్పనప్పుడు మనం చేయగలిగిన వాటిలో ఉత్తమమైనది. ఎండకు అడ్డంగా ముందు అద్దానికి వెండి రంగు షేడు పెట్టినా డ్యాష్‌బోర్డుకు ఎంతో ఉపశమనం, కాని అప్పుడు కూడా ఫోను షేడుకూ అద్దానికీ మధ్య ఉండకూడదు.

కారు నడుస్తున్నప్పుడు ఇదే పోలిక వేరే రూపంలో వస్తుంది. గాజువాక నుంచి మధురవాడ దాకా మ్యాపు పెట్టుకుని, తెర వెలుగు నిండా పెంచి, ఫాస్ట్ ఛార్జరు తగిలించి, ముందు అద్దానికి అతికించిన హోల్డరులో ఫోను పెట్టేవాళ్ళు బోలెడుమంది. అప్పుడు ఎండ, తెర, ప్రాసెసరు, ఛార్జింగు, నాలుగూ ఒకేసారి వేడి పుట్టిస్తాయి. చాలా లిథియం సెల్లులను ఛార్జి చేయడానికి పై హద్దు 45 డిగ్రీలు, అందుకే ఆ దగ్గరకు రాగానే ఫోను ఛార్జింగు నెమ్మదింపజేస్తుంది లేదా ఆపేస్తుంది. ఛార్జరు పాడైందని పొరబడి కేబులు మార్చి చూసేవాళ్ళను నేను చూశాను. అదే హోల్డరు ఏసీ గాలి వచ్చే జాలీకి బిగించి, మామూలు ఛార్జరుతో, సెట్టింగులలో 80 శాతం హద్దు పెట్టి వాడితే చాలా తేడా ఉంటుంది. ఈ రెండింటిలో రెండవదే మేలని చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు, చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది.

అయితే నష్టం జరిగిందని తెలుసుకోవడం మాత్రం తేలిక కాదు, ఎందుకంటే వేడి తాత్కాలికంగా బ్యాటరీకి మేలు చేసినట్టే కనిపిస్తుంది. వేడెక్కిన ద్రవం పలుచనై లోపలి నిరోధం తగ్గడంతో ఫోను ఆ సాయంత్రం బాగానే నడుస్తుంది. తేడా నెలల తరువాతే బయటపడుతుంది. ఐఫోనులోనైతే బ్యాటరీ ఆరోగ్యం అన్నచోట గరిష్ఠ సామర్థ్యం శాతంగా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి, డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగు తెరిచి, adb అనే ప్రోగ్రాము ఉన్న కంప్యూటరుకు కలిపి ఈ ఆదేశం ఇస్తే సరిపోతుంది:

```
adb shell dumpsys battery
```

వచ్చే జాబితాలో `level` 100 ఉన్నప్పుడు `Charge counter` ఎంతుందో చూడాలి. `4050000` అని ఉంటే 4,050 ఎంఏహెచ్ అని అర్థం. `temperature` ఎదురుగా `412` అని ఉంటే 41.2 డిగ్రీలు. బావగారూ నేనూ ఒకే రోజు ఒకే రకం ఫోన్లు, 5,000 ఎంఏహెచ్‌వి, కొన్నాం. రెండేళ్ళకు నా ఫోను 4,520 చూపింది, ఆయనది 4,050 చూపింది. అంటే నాది దాదాపు 90 శాతం, ఆయనది 81 శాతం. ఆయన కారు అద్దెకు తిప్పుతారు కనుక ఫోనుకు ఛార్జి ఎక్కించడమూ నాకన్నా ఎక్కువే, ఆ తేడా అంతా ఎండ వల్లేనని నేను అనను. కానీ 20 శాతం చూపుతూనే చటుక్కున ఆగిపోవడం ఆయన ఫోనుకే మొదలైంది. లోపలి నిరోధం పెరిగిన సెల్లు, ఒక్కసారిగా కరెంటు అడిగితే వోల్టేజి నిలబెట్టుకోలేకపోవడం దీనికి కారణం. బ్యాటరీని మళ్ళీ మళ్ళీ పూర్తిగా ఖాళీ చేసి నింపితే శాతం చూపే లెక్క సరిపడవచ్చు గాని, పోయిన సామర్థ్యం రాదు.

వెనుక మూత అంచు దగ్గర సన్నగా లేచినా, బల్ల మీద పెట్టినప్పుడు ఫోను అటూ ఇటూ ఊగినా అది వేరే సంగతి. ద్రవం విడిపోయి వాయువు పుట్టి సెల్లు ఉబ్బిందని దాని అర్థం. అలాంటి ఫోనును ఇక ఛార్జి చేయకూడదు, మూతను నొక్కి మూయకూడదు, నేరుగా సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళి బ్యాటరీ మార్పించాలి.

ఆ ఆదివారం బావగారు చేయబోయిన చివరి పనిని మాత్రం నేను ఆపగలిగాను. చల్లబరచడానికి హోటలు వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టిస్తానన్నారు. మన తీరపు తేమ గాలిలో ఫ్రిజ్ నుంచి బయటికి తీసిన గాజు సీసాకు నీరు పట్టినట్టే, ఫోను లోపలా పడుతుంది. దాన్ని కవరు తీసి, ఛార్జరు తగిలించకుండా, కారు సీటు మీద నీడలో, ఏసీ గాలికి అరగంట ఉంచాం. భీమిలి దారిలో కొంతదూరం వెళ్ళాక బటను నొక్కితే మళ్ళీ ఆన్ అయింది.