మాన్యువల్ ఫొటో నుంచి అరబిక్‌కి: వాక్యాలు పర్లేదు, గొడవంతా అంకెల దగ్గరే

ఫొటో తీస్తే అందులోని అక్షరాలు చదివి వేరే భాషలోకి మార్చే ఫోన్ యాప్‌ని నేను చాలాకాలంగా ఒకే పనికి వాడుతున్నా. ఇంగ్లిష్ మాన్యువల్‌లో ఉండే బిగింపు స్టెప్పులు, హెచ్చరికలు అరబిక్‌లోకి మార్చి, సామాను బిగించేవాళ్లకి మెసేజ్‌లో పంపుతా. వాళ్లు అరబిక్ తప్ప చదవరు, నాకేమో అరబిక్ అక్షరాలు కూడబలుక్కుని చదివేంతే వచ్చు. కాబట్టి భాష ఎంత సొగసుగా ఉందో నన్నడగొద్దు. పని జరిగిందా లేదా అన్నది మాత్రం చెప్పగలను. వాక్యాలు బాగానే మారుస్తుంది, వరస చెడగొడుతుంది.

స్టాండ్ ఫ్యాన్ మాన్యువల్ సంగతే చూడండి. ఒకే పేజీలో రెండు నిలువు వరసలు, ఎడమవైపు 1 నుంచి 4, కుడివైపు 5 నుంచి 8. పేజీ మొత్తం ఒకే ఫొటో తీస్తే యాప్‌కి మధ్యలో ఖాళీ ఉన్న సంగతి ఒక్కోసారి పట్టదు, ఎడమ లైను చదివి అదే ఊపులో కుడి లైనులోకి వెళ్లిపోతుంది. ఆ పేజీలో నాలుగో స్టెప్పు పక్కనే ఆరోది ఉంది. నాలుగోది వెనక జాలీ పెట్టి ప్లాస్టిక్ నట్టు క్లాక్‌వైజ్ బిగించమంటుంది. ఆరోది రెక్క మీద మూత యాంటీక్లాక్‌వైజ్ బిగించమంటుంది. ఇలాంటి ఫ్యాన్లలో రెక్క తిరిగేటప్పుడు మూత వదులైపోకుండా దాని మర ఉల్టా పెడతారు, అందుకే ఆ తేడా. యాప్ ఈ రెండిటినీ కలిపి ఒకే వాక్యం చేసింది. అరబిక్‌లో చదవడానికి చక్కగానే ఉంటుంది, అదే అసలు ప్రమాదం, ఎందుకంటే అర్థంలేని వాక్యమైతే చదివినవాడు ఆగి అడుగుతాడు, ఇదైతే నమ్మి మూతని కూడా క్లాక్‌వైజ్ తిప్పుతాడు, అది బిగియదు, ఇంకా బలం పెడతాడు, ప్లాస్టిక్ మర అరిగిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి అరబిక్ రానక్కర్లేదు. వచ్చిన దాంట్లో 1 నుంచి 8 దాకా అంకెలు వరసగా, ఒక్కోటి ఒక్కో లైను మొదట్లో ఉన్నాయా అని చూస్తే చాలు. 1 తర్వాత 5 వచ్చినా, ఒకే పేరాలో రెండు అంకెలు దూరినా ఆ ఫొటో పనికిరాదు. నేనిప్పుడు పేజీ మొత్తం తీయడం మానేశా. ఒక్కో వరస విడిగా క్రాప్ చేస్తా, బొమ్మలు ఎక్కువుంటే ఒక్కో స్టెప్పే క్రాప్ చేస్తా. టైమ్ పడుతుంది, కానీ తర్వాత వచ్చే ఫోన్ కాల్స్ కంటే నయం. పుస్తకం మధ్య మడత దగ్గర కాగితం వంపు తిరిగి ఉంటుంది, అక్కడి అక్షరాలు మింగేస్తుంది కాబట్టి పేజీని చదునుగా నొక్కిపట్టి పైనుంచి తీయాలి. నున్నటి కాగితమైతే ఫ్లాష్ అసలు వాడొద్దు.

ఇంకో చిక్కు, నల్ల గుండ్రాల్లో తెల్లగా అచ్చేసే స్టెప్పు నంబర్లు. వాటిని యాప్ ఒక్కోసారి బొమ్మ అనుకుని వదిలేస్తుంది, ఒక్కోసారి సున్నా అనో ఇంగ్లిష్ ఓ అనో చదువుతుంది. బొమ్మ కింద ఉండే బొమ్మ నంబర్ని స్టెప్పు నంబరుగా తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. అందుకని నంబర్ల విషయంలో యాప్‌ని నమ్మడం మానేసి నేనే టైప్ చేస్తున్నా.

టైప్ చేయడంలోనూ ఒక తిరకాసు ఉంది. అరబిక్ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, అంకెలు మాత్రం అందులోనూ ఎడమ నుంచి కుడికే. చాలా మెసేజ్ యాప్‌లు లైనులో మొదట కనిపించే అక్షరాన్ని బట్టి ఆ లైను ఎటు నడవాలో తేల్చుకుంటాయి, అంకెల్ని లెక్కలోకి తీసుకోవు. స్టెప్పు అరబిక్ మాటతో మొదలైతే ఇబ్బంది లేదు, నంబరు కుడి అంచున బుద్ధిగా కూర్చుంటుంది. 'M6 బోల్టు' అనో 'A భాగం' అనో మొదలైందా, లైను మొత్తం ఎడమ నుంచి మొదలై నంబరు ఎడమ అంచుకి పోతుంది, వెనక మాటలు ముందుకొచ్చి చదివేవాడికి తలాతోకా తెలియదు. దీనికి నేను చేసే పని చాలా చిన్నది. ప్రతి లైను మొదట్లో 'అల్ ఖుత్వా', అంటే స్టెప్పు అనే అరబిక్ మాట పెట్టి, తర్వాత నంబరు, తర్వాత వాక్యం. మొదటి అక్షరం అరబిక్‌దే కాబట్టి లైను కుడి నుంచే నడుస్తుంది, నంబరూ మాట పక్కనే ఉంటుంది. ఒక్కో స్టెప్పు ఒక్కో మెసేజ్‌గా పంపుతా. వర్డ్ లాంటి వాటిలో ఆటోమేటిక్ నంబరింగ్ మాత్రం ఆపేయాలి, లేదంటే మధ్యలో ఒక స్టెప్పు పోయినా అది 1 నుంచి వరసగా నంబర్లు వేసేసి లోటు కనపడకుండా చేస్తుంది.

అరబిక్ మాట తర్వాత వచ్చే అడ్డగీత నంబర్లు కూడా చూసుకోండి. స్క్రూల సంచి మీద 3-12 అని ఉంటే అరబిక్ వాక్యంలో అది 12-3 లా కనపడుతుంది. సంచిని పోల్చి చూసి తీసేవాడికి అది దొరకదు. అలాంటి నంబర్లు నేను విడి లైనులో పెడతా.

ఇక హెచ్చరికలు. ఇక్కడ మాత్రం నా మార్కులు బాగా తక్కువ. ఇంగ్లిష్ మాన్యువల్స్‌లో 'డేంజర్' అంటే తప్పించుకోకపోతే ప్రాణం పోతుంది లేదా తీవ్ర గాయమవుతుంది, 'వార్నింగ్' అంటే అలా అయ్యే అవకాశం ఉంది, 'కాషన్' అంటే చిన్నపాటి గాయం కావచ్చు. అరబిక్‌లోనూ వీటికి ఖతర్, తహ్‌జీర్, తన్‌బీహ్ అని వేర్వేరు మాటలున్నాయి. యాప్ మాత్రం వార్నింగ్‌కీ కాషన్‌కీ ఒక్కోసారి ఒకటే మాట పెట్టేస్తుంది, అప్పుడు కరెంటు షాకూ వేలు నలగడమూ ఒకే స్థాయిలో కనపడతాయి.

దానికన్నా దారుణం 'డు నాట్' పోవడం. ఇరుకు లేబుల్ మీద 'డు నాట్' ఒక లైనులో, చేయకూడని పని కింది లైనులో ఉంటే, యాప్ వాటిని రెండు విడి ముక్కలుగా చూస్తుంది. 'జాలీలు లేకుండా నడపవద్దు' అన్నది 'జాలీలు లేకుండా నడపండి' అయిపోతుంది. నేను ఇంగ్లిష్‌లో వద్దులు ఎన్నున్నాయో లెక్కపెట్టి, అరబిక్‌లో 'లా' అన్ని ఉన్నాయో లేదో చూస్తా, ఆ రెండక్షరాలు గుర్తుపట్టడం ఎవరికైనా వస్తుంది. లెక్క తేలకపోతే లేబుల్‌ని ఒకే లైనుగా నేనే టైప్ చేసి మళ్లీ మారుస్తా. అంకె సరిపోయినా, కరెంటు, గ్యాస్ తాలూకు హెచ్చరికలు అరబిక్ బాగా వచ్చినవాళ్లు ఒకసారి చదివాకే పంపుతా. సామాను మీద అతికించే లేబుల్ అయితే యాప్ ఇచ్చింది నేరుగా ప్రింట్ తీయను.

ఫొటో మీదే అరబిక్ అతికించి చూపించే మోడ్ చూడ్డానికి బాగుంటుంది గానీ దాన్ని పంపకండి, ఇంగ్లిష్ ఉన్న డబ్బాలో ఇరికించాలని అక్షరాల్ని చీమల్లా చేస్తుంది. నేను అరబిక్ పాఠంతో పాటు అసలు పేజీ ఫొటో కూడా జతచేస్తా, తిప్పకుండా, అద్దంలో బొమ్మలా మార్చకుండా, ఎందుకంటే బొమ్మ తిరగేస్తే బిగించే దిశ కూడా తిరగబడుతుంది. బొమ్మలు మూడు పక్కపక్కన ఉంటే మాత్రం వాటి మీద పెద్దగా 1, 2, 3 అని రాసి పంపుతా, లేకపోతే చదివేవాడు అలవాటు కొద్దీ కుడివైపు బొమ్మతో మొదలుపెడతాడు.