10 గిగాహెర్ట్జ్ తరంగానికి ఏ గొట్టం మేలు, ఎక్కడ కేబులే మేలు?

పది గిగాహెర్ట్జ్ తరంగాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లడానికి మూడు దీర్ఘచతురస్రాకార వేవ్‌గైడ్లు, అంటే లోపల బోలుగా ఉండే లోహపు గొట్టాలు, ముందున్నాయనుకుందాం. మొదటిది WR-112, దాని లోపలి వెడల్పు 28.5 మిల్లీమీటర్లు. రెండోది మన ఇంజనీరింగ్ కాలేజీల మైక్రోవేవ్ ల్యాబుల్లో బెంచీ మీద కనిపించే WR-90, వెడల్పు 22.86 మిల్లీమీటర్లు. మూడోది WR-62, వెడల్పు 15.8 మిల్లీమీటర్లు. పేరులోని అంకె లోపలి వెడల్పును అంగుళంలో నూరో వంతుల లెక్కన సుమారుగా చెబుతుంది. మూడూ 10 గిగాహెర్ట్జ్‌ను దాటిస్తాయి, కానీ ఒకేలా కాదు. ఆ తేడా అర్థం కావాలంటే గొట్టం వెడల్పు ఎందుకంత ముఖ్యమో ముందు చూడాలి.

గొట్టం లోపల క్షేత్రం అమరే ఒక్కో తీరును మోడ్ అంటారు. గొట్టంలో మామూలుగా వాడే TE10 మోడ్‌లో విద్యుత్ క్షేత్రం పై గోడకూ కింది గోడకూ మధ్య నిలువుగా ఉంటుంది. ఆ క్షేత్రం పక్క గోడలకు సమాంతరంగా ఉంటుంది కనుక, మంచి వాహకమైన లోహం దాన్ని తన ఉపరితలం మీద నిలవనివ్వదు, అందువల్ల రెండు పక్క గోడల దగ్గరా అది సున్నా కావాలి. అటు సున్నా, ఇటు సున్నా, మధ్యలో గరిష్ఠం అంటే వెడల్పులో సరిగ్గా సగం తరంగం ఇమడాలన్నమాట. ఈ మోడ్‌ను పక్క గోడల మధ్య ఏటవాలుగా తగులుతూ ముందుకు పోయే రెండు తరంగాల కలయికగా ఊహించుకోవచ్చు. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆ తరంగాల దారి గోడలకు మరింత అడ్డంగా తిరుగుతుంది, చివరకు తరంగదైర్ఘ్యం వెడల్పుకు రెట్టింపైన చోట అవి ఒక గోడ నుంచి మరో గోడకు అటూ ఇటూ కొట్టుకుంటాయే తప్ప ముందుకు కదలవు. అదే కటాఫ్ ఫ్రీక్వెన్సీ. కాంతి వేగాన్ని c అనీ, వెడల్పును a అనీ అంటే:

```
fc = c / (2a)
```

ఈ సూత్రం ప్రకారం కటాఫ్ WR-112కు 5.26, WR-90కి 6.56, WR-62కు 9.49 గిగాహెర్ట్జ్. వెడల్పులో రెండు సగం తరంగాలు ఇమిడే TE20 మోడ్ దీనికి సరిగ్గా రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర మొదలవుతుంది. ఎత్తు వెడల్పులో సగానికి మించని ఈ గొట్టాల్లో తర్వాత వచ్చే మోడ్ అదే. కాబట్టి ఒకే మోడ్ నడిచే హద్దు కటాఫ్‌కూ దాని రెట్టింపుకూ మధ్యనే ఉంటుంది. ఆ రెండు అంచులకూ దూరంగా ఉండటమే ఎంపికలోని అసలు కిటుకు.

WR-62లో 10 గిగాహెర్ట్జ్ కింది అంచుకు మరీ దగ్గర. గాలిలో 30 మిల్లీమీటర్లున్న తరంగదైర్ఘ్యం ఈ గొట్టంలో 95 మిల్లీమీటర్లకు సాగిపోతుంది. సోర్స్ ఒక్క శాతం జరిగి 10.1 గిగాహెర్ట్జ్‌కు చేరితే అది దాదాపు 87కు పడిపోతుంది, అంటే ఒక శాతం మార్పుకు తొమ్మిది శాతం మార్పు. గొట్టం చివరను మూసే షార్ట్‌ను ఎంత దూరంలో పెట్టాలి, పరావర్తనాన్ని తగ్గించే స్టబ్‌ను ఎక్కడ అమర్చాలి అని వేసుకున్న లెక్కలన్నీ దీనితో చెదిరిపోతాయి. గోడల్లో వృథా అయ్యే శక్తి కూడా కటాఫ్ దగ్గర బాగా పెరుగుతుంది. చిన్నగా, తేలికగా ఉంటుందన్న ఆశతో 10 గిగాహెర్ట్జ్‌కు దీన్ని ఎంచుకోవడం పొరపాటు.

WR-112లో చిక్కు పై అంచు దగ్గర. దాని TE20 మోడ్ 10.52 గిగాహెర్ట్జ్ వద్ద మొదలవుతుంది. సరిగ్గా పది దగ్గర స్థిరంగా నిలిచే సోర్స్ ఉంటే ఇది పనికొస్తుంది, పైగా గొట్టం పెద్దది కావడం వల్ల నష్టం WR-90 కన్నా కాస్త తక్కువే. అయితే 11 గిగాహెర్ట్జ్ వరకు స్వీప్ చేయాలంటే, వంపుల దగ్గర కొంత శక్తి TE20లోకి జారుతుంది. ఆ మోడ్‌కు వెడల్పు మధ్యలో క్షేత్రం సున్నా కనుక, మధ్యలో అమర్చిన ప్రోబ్‌కు అది కనిపించదు. శక్తి గొట్టంలోనే ఉంటుంది కానీ మీటరు మాత్రం కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర కారణం లేకుండా పడిపోయినట్టు చూపిస్తుంది.

WR-90లో ఈ రెండు బాధలూ లేవు. కింది అంచు 6.56 దగ్గర, పై అంచు 13.11 దగ్గర ఉండటం వల్ల 10 గిగాహెర్ట్జ్ నట్టనడుమ కూర్చుంటుంది, గొట్టంలోని తరంగదైర్ఘ్యం 39.7 మిల్లీమీటర్లు. సోర్స్ ఒక శాతం జరిగినా అది రెండు శాతానికి లోపే మారుతుంది. ఈ పనికి నా ఎంపిక ఇదే.

ఇదే WR-90లోకి 5 గిగాహెర్ట్జ్ పంపితే అది గోడల్లో వేడిగా మారి పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. లోపలికి చొరబడిన క్షేత్రం తరంగంగా సాగకుండా ఉన్నచోటే ఊగుతూ, దూరంతో పాటు ఘాతీయంగా సన్నగిల్లుతుంది. శక్తి దాదాపు అంతా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. లెక్క వేస్తే సెంటీమీటరుకు 7.7 డెసిబెళ్లు, అంటే పది సెంటీమీటర్లలో 77 డెసిబెళ్లు తగ్గుతుంది. కటాఫ్‌కు చాలా కిందికి పోతే గొట్టం వెడల్పంత దూరానికి 27 డెసిబెళ్లు అన్న లెక్కను గుర్తుపెట్టుకుంటే చాలు.

ల్యాబులో ఒకసారి ఒక విద్యార్థి 5 గిగాహెర్ట్జ్ పంపి, అవతలి చివర పవర్ మీటరులో చిన్న రీడింగు చూసి, సిద్ధాంతం తప్పేమోనని నా దగ్గరికి వచ్చాడు. పొడవునా సన్నని చీలిక ఉన్న గొట్టం, అంటే స్లాటెడ్ లైన్ మీద ప్రోబ్‌ను నెమ్మదిగా జరుపుతూ వరుసగా వచ్చే రెండు కనిష్ఠాల మధ్య దూరం కొలవమన్నాను. 20 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. ఆ దూరం గొట్టంలోని తరంగదైర్ఘ్యంలో సగం ఉంటుంది, ఇది 10 గిగాహెర్ట్జ్‌కు వచ్చే 39.7 మిల్లీమీటర్లలో సగం. అంటే గొట్టం దాటుతున్నది సోర్స్‌లో పుట్టిన రెట్టింపు ఫ్రీక్వెన్సీ, రెండో హార్మోనిక్, 10 గిగాహెర్ట్జ్. అసలు 5 గిగాహెర్ట్జ్ మొదట్లోనే ఆగిపోయింది. మామూలు పవర్ మీటరు తన పరిధిలో ఏ ఫ్రీక్వెన్సీ వచ్చినా కలిపే చూపిస్తుంది, కాబట్టి ఇలాంటి చోట దూరం కొలిచే నిజం తేల్చుకోవాలి.

మరి కోయాక్సియల్ కేబులుకు ఈ హద్దు ఎందుకు లేదు? అందులో మధ్య తీగ, బయటి తొడుగు అని రెండు వేరువేరు వాహకాలు ఉంటాయి. వాటి మధ్య వోల్టేజి తేడా నిలుస్తుంది, ఒకదాని మీద పోయిన కరెంటు రెండోదాని మీద తిరిగి వస్తుంది, అందుకే డీసీ కూడా పారుతుంది. గొట్టం ఒకే వాహకం, దాని చుట్టుగోడంతా ఒకే పొటెన్షియల్‌లో ఉంటే లోపల క్షేత్రమే ఉండదు. అందువల్ల గొట్టంలోని తరంగం వెడల్పులో సగం తరంగాన్ని ఇమిడ్చుకుని తీరాలి. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రపు 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌ను గొట్టంలో పంపాలంటే దాని వెడల్పు 203 మీటర్లకు మించాలి.

కానీ 10 గిగాహెర్ట్జ్ దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. పది మీటర్ల రాగి WR-90లో నష్టం దాదాపు 1.1 డెసిబెల్ మాత్రమే, పంపిన శక్తిలో మూడొంతులకు పైగా అవతలికి చేరుతుంది. మూడున్నర మిల్లీమీటర్ల సెమీ-రిజిడ్ కేబులులో మీటరుకు సుమారు ఒకటిన్నర డెసిబెల్ చొప్పున పోయి, అదే దూరానికి మూడు శాతమే మిగులుతుంది. అందుకని బెంచీ మీద అరమీటరు కలపడానికీ, గొట్టం కటాఫ్‌కు కింద పడే ప్రతి పనికీ నేను కేబులే తీసుకుంటాను. 10 గిగాహెర్ట్జ్‌ను మీటర్ల కొద్దీ దూరం మోయాలన్నా, శక్తి కిలోవాట్లలో ఉన్నా WR-90 గొట్టం బిగిస్తాను.