పదునాలుగు నెలల మీల్‌మేకర్: తూకంలో నేను మోసపోయిన కథ

హన్మకొండలో జిమ్‌లో చేరినప్పుడు నా బరువు 60 కిలోలు. గుడ్డు కూడా తినని ఇల్లు మాది. కిలో బరువుకు ఒకటిన్నర గ్రాముల లెక్కన రోజుకు 90 గ్రాముల ప్రొటీన్ పెట్టుకున్నా. అన్నం, రొట్టె, పప్పు, పెరుగు, గుప్పెడు పల్లీలు కలిపితే 45 దాటేది కాదు. అర లీటరు పాలతో ఇంకో 16. మిగతాది మీల్‌మేకర్ మీద వేశా. వంద గ్రాములకు 52 గ్రాముల ప్రొటీన్, ధర కూడా తక్కువ. జిమ్‌లో కనిపించిన ప్రతివాడికీ ఇదే చెప్పేవాణ్ని.

మూడు నెలలైనా ఒంటి బరువు కదల్లేదు. ఎత్తే బరువులు పెరిగాయి కానీ, అది కొత్తలో అందరికీ పెరిగేదే. ఫోన్‌లో రాసుకున్న లెక్క మాత్రం రోజూ 92 చూపించేది.

గుట్టు బయటపెట్టింది మా అమ్మ. "రోజు అరవై గ్రాములు తింటున్ననంటవు, రెండు వందల గ్రాముల పాకెట్ పది రోజులెట్ల వస్తందిరా?" అంది. నిజమే, మూడు రోజులకే అయిపోవాలి. నేను తూచేది ఉడికించి పిండిన తర్వాత! నీళ్లు పీల్చి బరువు దాదాపు మూడింతలవుతుంది. నేను తిన్న అరవైలో ఎండు మీల్‌మేకర్ ఇరవై గ్రాములే. అంటే 31 అనుకున్న ప్రొటీన్ పదే. 92 కాదు, 71.

అప్పటి నుంచి పొడిగా ఉన్నప్పుడే 50 గ్రాములు తూచి నానబెడుతున్నా. ప్రొటీన్ 26 వస్తుంది. మొదటి వారం కడుపు ఉబ్బి, స్క్వాట్ చేయాలంటే భయమేసింది. ఉప్పునీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, గట్టిగా రెండుసార్లు పిండి, మధ్యాహ్నం సగం, రాత్రి సగం తింటే సర్దుకుంది. పిండకపోతే కూరలో ఆ పచ్చి వాసన పోదు.

ఇప్పుడు 64 కిలోలున్నా. ఆ ఘనతంతా మీల్‌మేకర్‌దే అనలేను. అదే నెలలో రాత్రి అన్నం కూడా ఒక గరిటె పెంచా. పెరిగిన నాలుగు కిలోల్లో ఎంత కండో, ఎంత కొవ్వో కూడా తెలియదు. భుజాల దగ్గర మాత్రం పాత చొక్కాలు పట్టేస్తున్నాయి. అన్నట్టు, పల్లీలుంటాయని సర్వపిండిని కూడా ప్రొటీన్ ఖాతాలో రాసుకునేవాణ్ని. అది మానేశా, తినడం మానలేదు.

ఇదివరకు చెప్పినట్టు 'రోజూ ఇదే తినండి' అని ఇప్పుడు అనను. నాకే విసుగొచ్చి వారంలో రెండు రోజులు పనీర్‌కు మారుతున్నా, ఖర్చెక్కువైనా. అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. మీల్‌మేకర్‌లోని సోయా ఆ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు కాబట్టి, నా పోపు మీల్‌మేకర్ ఆమె పళ్లెంలోకి పోదు.